విత్తనాలకు పన్ను లేదు, పురుగుమందులకు ఉంది: జూన్ నెల ఇన్‌పుట్ క్రెడిట్‌లో ఎంత రివర్స్ చేయాలి?

ఓరుగల్లు అంకురం (11 జూలై 2024)

అందరికీ నమస్కారం. వరంగల్‌లో మాకు విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. ఇన్నాళ్లూ నాన్నగారు చూసుకున్న లెక్కలు ఈ వానాకాలం నుంచి నేను చూస్తున్నాను. జూన్ నెల జీఎస్టీ రిటర్ను, అంటే GSTR-3B, ఈ 20వ తేదీలోపు వేయాలి. మా గుమాస్తా రాసిచ్చిన కాగితం చూసి గుండె ఆగినంత పనైంది.

జూన్‌లో పన్ను కలపకుండా మా అమ్మకం 40 లక్షలు. అందులో పత్తి, మిరప, మొక్కజొన్న విత్తనాలు 24 లక్షలు, ఎరువులు 6 లక్షలు, పురుగుమందులు 10 లక్షలు. విత్తనాలకు జీఎస్టీ లేదు. అమ్మకంలో 60 శాతం పన్ను లేని సరుకు కాబట్టి, కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు వచ్చిన ఇన్‌పుట్ క్రెడిట్‌లోనూ 60 శాతం రివర్స్ చేయాలని, అంటే వదులుకోవాలని ఆయన అంటున్నారు. ఈ నెల సీజీఎస్టీ క్రెడిట్ 1,39,700. అందులో 60 శాతమంటే 83,820. ఎస్‌జీఎస్టీ కూడా అంతే. రెండూ కలిపి 1,67,640 రూపాయలు పోతాయి. పురుగుమందుల మీద మాకు మిగిలే లాభమే అంత ఉండదు. ఈ లెక్క సరైనదేనా?

జనగామ ఎరువులు (11 జూలై 2024)

తమ్ముడూ, కంగారు పడకు. విత్తనాలు కొన్నప్పుడు కంపెనీ నీకు పన్ను వేసిందా? వేయలేదు కదా. వాటి మీద నీకు క్రెడిట్ రానే లేదు. రాని క్రెడిట్‌ను ఎక్కడి నుంచి రివర్స్ చేస్తావు? పురుగుమందుల మీద వచ్చిన క్రెడిట్ పురుగుమందుల పన్నుకే పోతుంది. ఒక్క రూపాయి కూడా రివర్స్ చేయనక్కరలేదు. నేను చాలా ఏళ్లుగా ఇలాగే వేస్తున్నాను.

హన్మకొండ ఆడిటర్ (11 జూలై 2024)

జనగామ వారు చెప్పినదాంట్లో సగం నిజం. సరుకు వరకు ఆయన మాట సరిగ్గా సరిపోతుంది. కానీ దుకాణం అద్దె విత్తనాల కోసమా, మందుల కోసమా? రెండింటికీ. ఆ అద్దె మీద వచ్చిన క్రెడిట్ మొత్తం ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. గుమాస్తా గారు అన్నింటినీ కలిపేశారు, జనగామ వారు అన్నింటినీ వదిలేశారు.

అంకురం గారూ, ఆ 1,39,700 ఏయే బిల్లుల మీద వచ్చిందో విడదీసి రాయండి. అది తెలియకుండా ఎవరు ఏ శాతం చెప్పినా ఊహే అవుతుంది.

ఓరుగల్లు అంకురం (12 జూలై 2024)

రాత్రి కూర్చుని బిల్లులన్నీ విడదీశాను మేడమ్. అన్నీ సీజీఎస్టీ అంకెలే, ఎస్‌జీఎస్టీ కూడా ఇంతే.

పురుగుమందులు 12 లక్షలకు కొన్నాం, పన్ను 1,08,000. ఎరువులు 8 లక్షలకు కొన్నాం, పన్ను 20,000. పత్తి విత్తనాల ప్రచారానికి పల్లెల్లో గోడరాతలు, ఫ్లెక్సీలు పెట్టించాం, 20,000 బిల్లుకు పన్ను 1,800. ఇంటి కారు బీమా దుకాణం పేరు మీద ఉంది, దానికి 900. ఇక దుకాణం అద్దె 60,000కు 5,400. హమాలీలను పంపే ఏజెన్సీ, సీసీ కెమెరాల నిర్వహణ కలిపి 25,000కు 2,250. ఆడిటర్, ఫోను, ఇంటర్నెట్ కలిపి 15,000కు 1,350.

హన్మకొండ ఆడిటర్ (12 జూలై 2024)

ఇలా విడదీశాక పని సగం అయిపోయినట్లే. సీజీఎస్టీ నిబంధన 42 అడిగేది కూడా ఇదే. ముందు బిల్లులను వాటి గూళ్లలో పెట్టాలి, శాతం ఆ తరువాతే వస్తుంది.

గోడరాతలు కేవలం విత్తనాల కోసం. కాబట్టి ఆ 1,800 పూర్తిగా పోతుంది, దానికి శాతంతో పని లేదు. కారు బీమా 900 సెక్షన్ 17(5) కింద మీకు రాదు, అదీ పోతుంది. పురుగుమందులు, ఎరువుల మీద వచ్చిన 1,28,000 పూర్తిగా పన్ను పడే అమ్మకాలకే చెందుతుంది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఇవన్నీ పక్కన పెడితే అద్దె, హమాలీ, కెమెరాలు, ఆడిటర్, ఫోను మిగులుతాయి. ఉమ్మడి క్రెడిట్ అంటే అదే. 5,400, 2,250, 1,350 కలిపితే 9,000.

మీ గుమాస్తా గారి 60 శాతం తప్పు కాదు. దాన్ని 1,39,700 మీద వేయడం తప్పు. ఈ 9,000 మీద మాత్రమే వేయాలి. కింది లెక్కలో C2 అంటే ఉమ్మడి క్రెడిట్, E పన్ను లేని అమ్మకం, F మొత్తం అమ్మకం, D1 ఉమ్మడిలోంచి రివర్స్ చేయాల్సిన వాటా.

```
C2 = 1,39,700 - 1,800 - 900 - 1,28,000 = 9,000
D1 = (E / F) x C2 = (24,00,000 / 40,00,000) x 9,000 = 5,400
```

రిటర్నులో ఇలా చూపండి. మీకు అమ్మినవారి బిల్లులను బట్టి పోర్టల్ చూపే GSTR-2B నుంచి వచ్చిన మొత్తం 1,39,700ను 4(A)(5) గడిలో ఉంచండి. 4(B)(1)లో 1,800, 900, 5,400 కలిపి 8,100 రాయండి. నికరంగా 1,31,600 మిగులుతుంది. అది మందులు, ఎరువుల 1,28,000కు ఉమ్మడిలో మీకు దక్కే 3,600 కలిపిన మొత్తమే. ఈ రెండు అంకెలు కలవకపోతే ఏదో బిల్లు తప్పు గూట్లో పడిందని అర్థం. నేను ప్రతి నెలా ఇలా సరిచూసుకున్నాకే రిటర్ను వేస్తాను.

83,820 ఎక్కడ, 8,100 ఎక్కడ! ఈ తేడా సీజీఎస్టీలోనే 75,720. ఎస్‌జీఎస్టీలో మరో అంత.

కాజీపేట లెక్కలు (12 జూలై 2024)

మేడమ్ ఒకటి మరిచిపోయారు. ఉమ్మడి క్రెడిట్ మీద సొంత వాడకం కింద 5 శాతం, D2 అని, అదీ రివర్స్ చేయాలి. 9,000కు 450. నిబంధనలోనే ఉంది, ఇది తప్పనిసరి.

హన్మకొండ ఆడిటర్ (12 జూలై 2024)

నిబంధనలో ఉన్న మాట నిజమే. కానీ ఉమ్మడి ఖర్చులో కొంత వ్యాపారేతర అవసరానికి వాడినప్పుడే అది వర్తిస్తుంది. దుకాణం మీది అంతస్తులో ఇల్లుండి రెండింటికీ ఒకే అద్దె బిల్లు వస్తే, ఆ 5 శాతం తీసేయాలి. అంకురం గారూ, మీ ఇల్లు అక్కడేనా?

ఓరుగల్లు అంకురం (12 జూలై 2024)

కాదు మేడమ్, ఇల్లు హన్మకొండలో ఉంది. దుకాణం అద్దె దుకాణానికే. ఫోను కూడా దుకాణానిదే.

హన్మకొండ ఆడిటర్ (12 జూలై 2024)

అయితే D2 సున్నా.

సుల్తానాబాద్ మిల్లు (13 జూలై 2024)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది రైస్‌మిల్లు. 25 కిలోల సంచుల్లో మా ముద్ర వేసి అమ్మే బియ్యానికి 5 శాతం పన్ను. 50 కిలోల బస్తాలకు పన్ను లేదు. సంచులు కొంటే వాటి మీద పన్ను కడుతున్నాం. ఈ సంచులన్నీ ఉమ్మడి కిందికి వస్తాయా? మా దగ్గర అమ్మకంలో 70 శాతం పెద్ద బస్తాలే.

హన్మకొండ ఆడిటర్ (13 జూలై 2024)

సంచులను ఉమ్మడిలో వేయకండి, ఏ సంచి దేనికో తెలుస్తూనే ఉంది కదా. 25 కిలోల ముద్ర సంచుల మీద పన్ను పూర్తిగా మీకు వస్తుంది. 50 కిలోల బస్తా సంచుల మీద పన్ను పూర్తిగా పోతుంది. పాలిష్ యంత్రం రబ్బరు రోలర్లు, మరమ్మతు బిల్లులు, సెక్యూరిటీ, ఆడిట్, ఇవి ఉమ్మడి. వాటికే 70 శాతం వేయండి. ఈ సంచులకు వేరే రిజిస్టరు పెట్టండి, రెండు రకాలూ ఒకే బిల్లులో కొంటే లైను లైనుగా విడగొట్టి రాసుకోండి. కొత్తగా కొన్న యంత్రాలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. వాటికి నిబంధన 43 ప్రకారం 60 నెలలకు పంచి లెక్కిస్తారు. దాని గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిపితే అంకురం గారి లెక్క తికమక అవుతుంది.

ఓరుగల్లు అంకురం (13 జూలై 2024)

మరో రెండు అనుమానాలు మేడమ్. బ్యాంకులో డిపాజిట్ మీద జూన్‌లో 30,000 వడ్డీ వచ్చింది. వడ్డీకి జీఎస్టీ లేదు కాబట్టి దాన్ని కూడా E లో కలపాలని గుమాస్తా అంటున్నారు. రెండోది, జూన్‌లో కొన్న మందుల్లో చాలావరకు ఆగస్టు, సెప్టెంబరు దాకా అమ్ముడుపోవు. గులాబీ పురుగు వచ్చినప్పుడే కదా రైతు వాటి కోసం వస్తాడు. అమ్మకుండానే క్రెడిట్ మొత్తం తీసుకోవచ్చా?

హన్మకొండ ఆడిటర్ (13 జూలై 2024)

వడ్డీని కలపనక్కరలేదు. డిపాజిట్లు, అప్పుల మీద వచ్చే వడ్డీని పన్ను లేని సరఫరా విలువలోంచి తీసేయాలని నిబంధన 43 కింద ఉన్న వివరణలో స్పష్టంగా రాశారు, అది 42కు కూడా వర్తిస్తుంది. బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. మీది విత్తనాల దుకాణం.

మందులు ఎప్పుడు అమ్ముతారన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. అవి అమ్మినప్పుడు పన్ను పడే సరుకా, కాదా అన్నదే చూడాలి. గోదాములో ఉన్నా ఆ 1,28,000 మీదే. గడువు తీరి పారేయాల్సి వస్తే అప్పటి సంగతి వేరు, ఆ సరుకు మీద తీసుకున్న క్రెడిట్ రివర్స్ చేయాలి.

జనగామ ఎరువులు (14 జూలై 2024)

అద్దె సంగతి నేను ఆలోచించలేదు మేడమ్. మా దుకాణం సొంతం, అద్దె లేదు. ఆడిటర్ ఫీజు, ఫోను తప్ప ఉమ్మడి అనదగ్గది నాకు లేదు. నెలకు ఉమ్మడి క్రెడిట్ 500 కూడా దాటదు. ఇంత చిన్న మొత్తానికి నెలనెలా లెక్క ఎందుకు? మార్చిలో ఒక్కసారి చేస్తే సరిపోదా?

హన్మకొండ ఆడిటర్ (14 జూలై 2024)

నిబంధన ప్రకారం ప్రతి పన్ను కాలానికీ చేయాలి. మీరు మూడు నెలలకోసారి రిటర్ను వేసేవారైతే మూడు నెలలకోసారి. మొత్తం చిన్నదైనా మీ రిటర్ను చదివేవారికి ఒక విషయం కొట్టొచ్చినట్లు కనబడుతుంది. 3.1(c)లో లక్షల విలువైన పన్ను లేని అమ్మకం, 4(B)(1)లో సున్నా. రిటర్నుల పరిశీలనలో మొదట పట్టుకునే పొరపాటు ఇదే.

సుల్తానాబాద్ మిల్లు (14 జూలై 2024)

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. రిటర్నులో తేడాకు వివరణ అడిగే ASMT-10 నోటీసు మాకు వచ్చింది ఇందుకే. ఏడాది చివర చేశామని మా ఆడిటర్ జవాబు రాశారు. ఇంకా తేలలేదు.

ఓరుగల్లు అంకురం (8 ఆగస్టు 2024)

జూన్ రిటర్ను మేడమ్ చెప్పినట్టే వేశాం. ఇప్పుడు జూలైది. అమ్ముడుపోని పత్తి విత్తనాలు 4 లక్షల విలువైనవి కంపెనీకి తిరిగి పంపాలి. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేరులో అమ్మకం బిల్లు వేసి పంపమని గుమాస్తా అంటున్నారు. పన్ను లేదు కదా, ఎలా పంపినా తేడా ఏముంటుందని ఆయన మాట. జూలై అమ్మకం 40 లక్షలు, అందులో విత్తనాలు 10 లక్షలు. ఉమ్మడి క్రెడిట్ 8,000.

హన్మకొండ ఆడిటర్ (8 ఆగస్టు 2024)

తేడా ఉంది. అమ్మకం బిల్లు వేస్తే ఆ 4 లక్షలు మీ పన్ను లేని అమ్మకంలో కలుస్తాయి. E 14 లక్షలు, F 44 లక్షలు అవుతాయి. 25 శాతం కావలసింది దాదాపు 32 శాతం అవుతుంది. 2,000 రివర్స్ చేయాల్సిన చోట 2,545 పోతుంది. ఎస్‌జీఎస్టీలోనూ అంతే. పైగా రైతుకు అమ్మని విత్తనాన్ని అమ్మినట్టు మీ టర్నోవరులో చూపినవారవుతారు.

కంపెనీ నుంచి క్రెడిట్ నోటు తీసుకోండి, సరుకు డెలివరీ చలానా మీద పంపండి. అప్పుడు అది మీ కొనుగోలు తగ్గడమే అవుతుంది, అమ్మకంలోకి రాదు. సీజను చివర తిరిగి పంపే సరుకు ఎక్కువ ఉన్నవారందరూ ఈ ఒక్కటి గుర్తుంచుకోవాలి. అలాగే రైతు మీకు తిరిగి ఇచ్చిన విత్తన ప్యాకెట్లకు మీరిచ్చే క్రెడిట్ నోట్లను మీ E లోంచి తగ్గించుకోవచ్చు.

కాజీపేట లెక్కలు (18 నవంబరు 2024)

ఈ చర్చ చదివేవారి కోసం ఒక మాట. అక్టోబరు 10 నుంచి, జీఎస్టీ నమోదు లేని యజమాని దగ్గర దుకాణమో గోదామో అద్దెకు తీసుకుంటే, ఆ అద్దె మీద 18 శాతం పన్ను రివర్స్ ఛార్జ్ కింద మనమే కట్టాలి. నగదు రూపంలో కట్టాలి, కట్టాక క్రెడిట్ వస్తుంది. విత్తనాలు, మందులు రెండూ పెట్టే గోదామైతే ఆ క్రెడిట్ కూడా ఉమ్మడిలోకే వెళ్తుంది. చాలామంది 4(A)(3)లో మొత్తం తీసుకుని ఊరుకుంటున్నారు. రివర్సల్ లెక్కలో దాన్ని చేర్చడం మరిచిపోతున్నారు. ఎందుకంటే అది GSTR-2Bలో కనబడదు.

ఓరుగల్లు అంకురం (18 నవంబరు 2024)

మంచిపని చేశారండి. మా గోదాము అలాంటిదే. యజమాని రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నమోదు లేదు. ఉమ్మడి క్రెడిట్ ఇప్పుడు నెలకు 10,000 దాకా వస్తోంది. మరి ఆ అద్దె మొత్తాన్ని F లో కూడా కలపాలా?

కాజీపేట లెక్కలు (18 నవంబరు 2024)

కలపకూడదు. అది మీరు కొన్న సేవ, మీ అమ్మకం కాదు. టర్నోవరు నిర్వచనంలోనే రివర్స్ ఛార్జ్ కొనుగోళ్లను తీసేశారు. పన్నులు కూడా F లో కలపకూడదు.

ఓరుగల్లు అంకురం (14 మే 2025)

ఏడాది ముగిసింది. వార్షిక లెక్క వేస్తున్నాను, అందరూ ఒకసారి చూడండి. అమ్మకాలు లక్షల్లో, క్రెడిట్ సీజీఎస్టీ రూపాయల్లో. ప్రతి నెలా మొదటిది మొత్తం అమ్మకం, రెండోది అందులో విత్తనాలు.

ఏప్రిల్: 4, 1. ఉమ్మడి 5,000. రివర్స్ చేసింది 1,250
మే: 20, 14. ఉమ్మడి 7,000. రివర్స్ చేసింది 4,900
జూన్: 40, 24. ఉమ్మడి 9,000. రివర్స్ చేసింది 5,400
జూలై: 40, 10. ఉమ్మడి 8,000. రివర్స్ చేసింది 2,000
ఆగస్టు: 50, 4. ఉమ్మడి 8,000. రివర్స్ చేసింది 640
సెప్టెంబరు: 50, 5. ఉమ్మడి 8,000. రివర్స్ చేసింది 800
అక్టోబరు: 30, 6. ఉమ్మడి 10,000. రివర్స్ చేసింది 2,000
నవంబరు: 20, 8. ఉమ్మడి 10,000. రివర్స్ చేసింది 4,000
డిసెంబరు: 20, 6. ఉమ్మడి 10,000. రివర్స్ చేసింది 3,000
జనవరి: 20, 2. ఉమ్మడి 10,000. రివర్స్ చేసింది 1,000
ఫిబ్రవరి: 16, 0. ఉమ్మడి 10,000. రివర్స్ చేయలేదు
మార్చి: 10, 0. ఉమ్మడి 15,000. రివర్స్ చేయలేదు

మొత్తం అమ్మకం 320 లక్షలు, విత్తనాలు 80 లక్షలు, ఉమ్మడి క్రెడిట్ 1,10,000. ఏడాదిలో రివర్స్ చేసింది 24,990. ప్రతి నెలా సరిగ్గానే చేశాం కదా, ఇంకా కట్టాల్సింది ఏమీ ఉండదనుకుంటున్నాను.

హన్మకొండ ఆడిటర్ (14 మే 2025)

నెలలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా తేడా వస్తుంది, ఎందుకో చూడండి. ఏడాది లెక్కలో నెలల శాతాలను కూడకూడదు. ఏడాది మొత్తం అమ్మకంలో విత్తనాల వాటా తీసుకుని, ఏడాది మొత్తం ఉమ్మడి క్రెడిట్ మీద వేయాలి.

```
(80 / 320) x 1,10,000 = 27,500
27,500 - 24,990 = 2,510
```

ఇంకా 2,510 రివర్స్ చేయాలి, ఎస్‌జీఎస్టీలోనూ అంతే.

ఈ తేడా ఎక్కడ పుట్టిందో మీ పట్టికే చెబుతోంది. మార్చి చూడండి. అక్టోబరు నుంచి నెలకు 10,000 ఉన్న ఉమ్మడి క్రెడిట్ ఆ నెలలో 15,000 అయింది. ఏడాది ఆడిట్ బిల్లు, సాఫ్ట్‌వేరు చందా ఆ నెలలో వచ్చి ఉంటాయి, అవునా? ఆ ఖర్చు ఏడాది పొడుగునా విత్తనాల వ్యాపారానికి కూడా పనికొచ్చింది. కానీ మార్చిలో విత్తనం గింజ కూడా అమ్మలేదు కాబట్టి నెలవారీ లెక్కలో దానిలో రూపాయి కూడా పోలేదు. గోదాము అద్దె క్రెడిట్ కూడా అక్టోబరు నుంచే మొదలైంది, అంటే విత్తనాల జోరు తగ్గాక. మే, జూన్‌లలో 70 శాతం, 60 శాతం చొప్పున ఎక్కువే పోయింది గానీ, ఆ నెలల్లో ఉమ్మడి క్రెడిట్ తక్కువ. అందుకే ఆ ఎక్కువ ఈ తక్కువను పూడ్చలేకపోయింది.

వానాకాలం, యాసంగి అంటూ సీజన్ల మీద నడిచే వ్యాపారానికి ఈ తేడా ప్రతి ఏడాదీ వస్తుంది. ఏ వైపు వస్తుందన్నది పెద్ద బిల్లులు ఏ నెలలో పడ్డాయన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఓరుగల్లు అంకురం (14 మే 2025)

అవును మేడమ్, మార్చిలో ఆ రెండు బిల్లులే. మేము మూడు నెలల రిటర్నుకు మారి ఉంటే ఇది తప్పేదా?

హన్మకొండ ఆడిటర్ (14 మే 2025)

తప్పదు. మీ అంకెలే తీసుకోండి. ఏప్రిల్, మే, జూన్ కలిపితే అమ్మకం 64 లక్షలు, విత్తనాలు 39 లక్షలు, ఉమ్మడి 21,000. మూడు నెలలకు కలిపి 12,797 రివర్స్ చేసేవారు. నెలవారీగా చేస్తే 11,550 అయింది. మధ్యలో అంకె మారుతుంది గానీ, ఏడాది చివర చేరాల్సింది 27,500కే.

కాజీపేట లెక్కలు (14 మే 2025)

ఈ 2,510 సర్దడానికి నవంబరు 30 దాకా సమయం ఉంది, తొందరేమీ లేదు.

హన్మకొండ ఆడిటర్ (15 మే 2025)

నవంబరు 30 అన్నది సెక్షన్ 16(4)లో పాత బిల్లుల క్రెడిట్ తీసుకోవడానికి పెట్టిన గడువు. ఈ వార్షిక లెక్కకు నిబంధన 42(2) పెట్టిన గడువు సెప్టెంబరు నెల రిటర్ను. దాన్ని మార్చలేదు. రెండింటినీ ఒకటిగా అనుకుంటే నెలకు పైగా తేడా వస్తుంది.

ఆలస్యం చేసిన కొద్దీ వడ్డీ కూడా పెరుగుతుంది. ఏప్రిల్ 1 నుంచి 18 శాతం. ఈ నెల 20న వేసే ఏప్రిల్ రిటర్నులో సర్దితే 50 రోజులకు దాదాపు 62 రూపాయలు. అక్టోబరు 20 దాకా ఆగితే 203 రోజులకు 251. వచ్చే ఏడాది నుంచి మార్చి రిటర్ను వేసేముందే ఏడాది లెక్క వేసుకుని అందులోనే సర్దండి. నా దగ్గరికి వచ్చే సీజను వ్యాపారులందరితో అలాగే చేయిస్తాను.

కాజీపేట లెక్కలు (15 మే 2025)

గడువు విషయం ఒప్పుకుంటాను. వడ్డీ విషయం ఒప్పుకోను. అంకురం గారి క్రెడిట్ లెడ్జరులో ఏడాదంతా లక్షకు పైగా నిల్వ ఉందనుకోండి. ఆ 2,510 వాడనే లేదు. తీసుకున్నా వాడని క్రెడిట్‌కు వడ్డీ లేదని సెక్షన్ 50(3) చెబుతోంది, దాన్ని 2017 జూలై నుంచే వర్తించేలా సవరించారు. వడ్డీ ఎందుకు కట్టాలి?

హన్మకొండ ఆడిటర్ (15 మే 2025)

మీ వాదనలో బలం ఉంది, కాదనను. కానీ 42(2) తన మాటల్లోనే వడ్డీ సెక్షన్ 50(1) ప్రకారం, ఏప్రిల్ 1 నుంచి అని రాసింది. 50(3) తప్పుగా తీసుకున్న క్రెడిట్ గురించి. అంకురం గారు తప్పుగా తీసుకోలేదు, నిబంధన ప్రకారమే నెలనెలా లెక్క వేశారు. ఏది వర్తిస్తుందో నేను గట్టిగా చెప్పలేను. లక్షల్లో తేడా ఉన్నవారికి ఈ వాదన వినిపించమనే చెబుతాను. 62 రూపాయల కోసం మాత్రం అంకురం గారిని కాగితాల వెంట తిప్పను.

సుల్తానాబాద్ మిల్లు (16 మే 2025)

మా సంగతి దీనికంటే కష్టం. నెలనెలా ఏమీ చేయకుండా మార్చిలో ఒకేసారి చేశాం. వడ్డీ ఏప్రిల్ 1 నుంచి కాదు, ప్రతి నెలా ఎంత రివర్స్ చేయాలో దాని మీద ఆ నెల నుంచే లెక్కించాలని కార్యాలయంలో అంటున్నారు. క్రెడిట్ వాడలేదని మేము లెడ్జరు చూపించాం. ఈ నెలలో మళ్లీ రమ్మన్నారు.

జనగామ ఎరువులు (16 మే 2025)

ఇది చదివాక జూలై నుంచి నేను కూడా మూడు నెలలకోసారి చేస్తూ వచ్చాను. మాకు అంకురం తమ్ముడికి ఎదురు తేడా వచ్చింది. ఎక్కువ రివర్స్ చేశాం, సీజీఎస్టీలో 380 తిరిగి రావాలి. దాన్ని ఎక్కడ చూపాలి?

కాజీపేట లెక్కలు (16 మే 2025)

4(A)(5)లో కలిపి తీసుకోండి, 4(D)(1)లో కూడా రాయండి. తిరిగి తీసుకున్న క్రెడిట్ చూపే గడి అదే.

హన్మకొండ ఆడిటర్ (16 మే 2025)

4(A)(5) వరకు ఒప్పుకుంటాను. 4(D)(1) దగ్గర జాగ్రత్త. 4(B)(2)లో తాత్కాలికంగా రివర్స్ చేసినవాటిని తిరిగి తీసుకున్నప్పుడు చూపడానికే ఆ గడి ఉంది. మీరు 4(B)(1)లో చేశారు. రివర్సల్, రీక్లెయిమ్ స్టేట్‌మెంటులో మీకు నిల్వ ఉండదు కాబట్టి పోర్టల్ హెచ్చరిక చూపిస్తుంది. నేను 4(A)(5)లో మాత్రమే చూపి, లెక్క కాగితం ఫైల్లో ఉంచుతాను. ఆ నెల 4(B)(1)లోంచే తగ్గించి రాసేవారూ ఉన్నారు. దాంట్లో ఆ నెల అసలు రివర్సల్ ఎంతో చదివేవారికి కనబడదు, అందుకే నాకు నచ్చదు.

కాజీపేట లెక్కలు (17 మే 2025)

హెచ్చరిక వచ్చినా రిటర్ను ముందుకు వెళ్తోంది. నా ఖాతాదారులకు అలాగే వేశాను.

జనగామ ఎరువులు (17 మే 2025)

నేను మేడమ్ చెప్పినట్టు వేస్తాను. అంకురం తమ్ముడూ, ఈసారి మిరప విత్తనాలు తిరిగి పంపేటప్పుడు కంపెనీ క్రెడిట్ నోటు ఇవ్వడానికి ఎన్ని రోజులు తీసుకుంటోంది? మాకు ఇంకా రాలేదు.

ఓరుగల్లు అంకురం (17 మే 2025)

పత్తి విత్తనాలది నెలలోపే వచ్చింది అన్నా. మిరపది ఇంకా రాలేదు. ఏప్రిల్ రిటర్నులో 2,510, వడ్డీ 62 వేసేశాను. మేడమ్, మే నెల అమ్మకంలో మళ్లీ విత్తనాలే ఎక్కువ. ఈసారి ఆడిట్ బిల్లును మార్చికి బదులు మూడు నెలలకోసారి ఇమ్మని అడగమంటారా?

హన్మకొండ ఆడిటర్ (18 మే 2025)

అడగండి. వార్షిక అంకె మారదు, మార్చిలో తేలే తేడా మాత్రం తగ్గుతుంది.